పళ్లొచ్చే పాపాయికి ఏ బొమ్మ ఇవ్వాలి?

ఏటికొప్పాక లక్క గిలక్కాయ మంచిదేనా? పట్నం రింగు మేలా? కొనే ముందు చూడవలసినవి ఇవి

ఆరో నెల నిండిన బిడ్డకు చేతికి అందినదల్లా నోట్లోకే పోతుంది. చొంగ కారుస్తూ పిడికిలి నములుతుంది. ఎత్తుకుంటే అమ్మ కొంగు, నాన్న తువ్వాలు చీకుతుంది. పాలపళ్లలో కింది వరస ముందు పళ్లు రెండూ మొదట వస్తాయి. చాలామందికి ఆరో నెలకూ పదో నెలకూ మధ్య ఇవి కనిపిస్తాయి. కొందరికి నాలుగో నెలలోనే మొలుస్తాయి, మరికొందరికి ఏడాది పడుతుంది. పన్ను పైకి వచ్చే ముందు చిగుళ్లు ఉబ్బి సలుపుతాయి. వాటిమీద గట్టిగా ఏదైనా ఒత్తితే ఆ సలుపు కాసేపు తగ్గుతుంది. బిడ్డ కొరకడానికి కారణం అదే.

కాబట్టి కొరకనివ్వకుండా ఆపడం కుదిరే పని కాదు. ఏది కొరకాలో పెద్దవాళ్లే చూసి ఇవ్వాలి. తీర్థాల్లో, సంతల్లో, పట్నం దుకాణాల్లో ఇందుకోసం రకరకాల బొమ్మలు దొరుకుతున్నాయి. వాటిలో అనకాపల్లి జిల్లా ఎలమంచిలి మండలంలోని ఏటికొప్పాక లక్క బొమ్మలు కూడా ఉన్నాయి. ఏ బొమ్మ కొన్నా మూడు సంగతులు తేల్చుకోవాలి. పైన పూసింది ఏమిటి? ముక్కగానీ పూసగానీ ఊడి వస్తుందా? గొంతులోకి దిగేటంత సన్నగా ఉందా? ఈ మూడింటికీ సరైన జవాబు వచ్చిన తరువాతే బొమ్మ అందమూ, ధరా చూసుకోవాలి.

లక్క బొమ్మలో ఏముంది?

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. ఈ కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. మిషను మీద తిప్పుతూ ఉలితో చెక్కితే నునుపుగా వస్తుంది. బొమ్మ ఆకారం వచ్చాక, తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పడతారు. ఆ రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. తరువాత ఎండిన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఇందులో బ్రష్షుతో పూసే పెయింటు అన్నది లేదు.

లక్క అనేది చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగులు విడిచే జిగురు. దీన్ని శుద్ధి చేసి మందు బిళ్లలకూ, మిఠాయిలకూ పైపూతగా వాడుతున్నారు. అందువల్ల శుద్ధి చేసిన లక్క బిడ్డ నోట్లో పడినా భయపడవలసింది లేదు. చూసుకోవలసింది లక్కలో కలిపిన రంగును.

పూర్వం ఈ రంగులు చెట్టూ చేమా నుంచే వచ్చేవి. పసుపు నుంచి పచ్చని రంగు, నీలి ఆకు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు తీసేవారు. తరువాతి రోజుల్లో చౌకగా, సులువుగా దొరికే రసాయనపు రంగులు వచ్చి చేరాయి. ఆ ఊరికే చెందిన సి.వి.రాజు పాత పద్ధతిని మళ్లీ వెలికితీసి, చెట్ల రంగులను లక్కలో నిలిచేలా చేసే పని చేపట్టారు. ఆ కృషికి 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ పేరుతో అమ్మే ప్రతి బొమ్మా చెట్ల రంగులతోనే చేసిందని అనుకోరాదు. రసాయనపు రంగులు వేసినవి కూడా పక్కపక్కనే అమ్ముడవుతుంటాయి. అల్మరాలో పెట్టుకునే బొమ్మకు అదేమంత పట్టింపు కాదు. చంటిబిడ్డ నోట్లోకి పోయే బొమ్మకు మాత్రం అదే ముఖ్యం.

రంగులో ఉండే భయమేమిటి?

రంగుల్లో అన్నిటికంటే చెడ్డది సీసం. పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగులు కళకళలాడేలా కనిపించడానికి కొన్ని పెయింట్లలో సీసపు పదార్థాలు కలుపుతారు. కడుపులోకి పోయిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికంటే చిన్నపిల్లల ఒంటికి పట్టేది నాలుగైదు రెట్లు ఎక్కువ. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. జ్వరం, వాంతి వంటి గుర్తులేవీ ముందుగా కనిపించవు. బిడ్డ మామూలుగానే ఆడుకుంటూ ఉంటుంది. నష్టం తెలిసేది బడిలో వేశాక, చదువు ఎక్కనప్పుడు. పోయినది తిరిగి రావడం కూడా కష్టమే.

మన దేశంలో ఇళ్లకు వేసే పెయింటులో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. కానీ అంతకుముందు వేసిన పెయింటు పాత తలుపుల మీద, కిటికీ ఊచల మీద, తాతల నాటి ఉయ్యాల మీద అలాగే ఉంటుంది. పిల్లవాడు ఉయ్యాల అంచు పట్టుకుని లేచి నిలబడే వయసు వచ్చిందంటే ఆ అంచునే కొరుకుతాడు. పెచ్చులు ఊడుతున్న పాత ఉయ్యాల ఉంటే దాన్ని వాడకుండా ఉండటమే మంచిది. అలాగని ఇంట్లోనే గరుకు కాగితంతో గీకడం ఇంకా చేటు. ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుని, పాకే బిడ్డ చేతుల ద్వారా నోట్లోకే పోతుంది.

సీసం ఉన్నదీ లేనిదీ ఇంట్లో తేల్చుకునే ఉపాయం లేదు. తడిబట్టతో రుద్దితే రంగు అంటిందా లేదా అన్నది తెలుస్తుంది. రంగు అంటితే ఆ బొమ్మ పనికిరాదని వెంటనే చెప్పవచ్చు. అంటకపోయినంత మాత్రాన సీసం లేదని మాత్రం చెప్పలేము. అందుకే కొరికే బొమ్మ విషయంలో తేలికైన దారి ఒకటి ఉంది. రంగే లేని కర్ర బొమ్మ కొనడం. మిషను మీద చెక్కి, నునుపు చేసి, రంగూ లక్కా పట్టించకుండా ఉంచిన రింగు కావాలని అడిగితే చేసిచ్చే పనివారు ఉంటారు. ఆపైన కాస్త కొబ్బరినూనె రుద్దితే చాలు. రంగు కావాలంటే చేత్తో పట్టుకునే చోట ఉండనిచ్చి, నోట్లో పెట్టుకునే చోటును ఉత్త కర్రగా వదలమని చెప్పవచ్చు.

కొండపల్లి బొమ్మ సంగతి వేరు. అది తెల్ల పొణికి కర్రతో, ముక్కలు ముక్కలుగా చేసి చింతగింజల బంకతో అతికించి, పైన బ్రష్షుతో రంగులు వేసిన బొమ్మ. చొంగకు తడిస్తే అతుకు వదులుతుంది, రంగు లేస్తుంది. కొలువులో పెట్టుకోవడానికి అంత అందమైనది మరొకటి లేదుగానీ పళ్లొచ్చే బిడ్డ చేతికి ఇవ్వదగినది కాదు. వినాయక చవితి మట్టి బొమ్మలు, రంగులు వేసిన తీర్థం బొమ్మలు కూడా ఈ లెక్కలోనివే.

ముద్ర ఉంటే సరిపోతుందా?

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయింది. ముద్ర పైన ఐ.ఎస్. 9873 అని, కింద లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరు నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అనే సెల్‌ఫోన్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. సంతలో గుట్టగా పోసి, అట్టపెట్టె కూడా లేకుండా అమ్మే ప్లాస్టిక్ బొమ్మకు ఈ ముద్ర లేదంటే దాన్ని కొనకపోవడమే మేలు.

అయితే హస్తకళల శాఖ వద్ద పేరు నమోదు చేసుకున్న పనివారు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవారి బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. కనుక లక్క బొమ్మ మీద ముద్ర లేకపోవడం తప్పు కాదు. కానీ ముద్ర లేనిచోట పరీక్ష చేసుకునే బాధ్యత కొనేవారి మీద పడుతుంది. బొమ్మ చేసినవారినే అడగవచ్చు. ఏ కర్ర వాడారు, రంగు చెట్టుదా డబ్బాలోదా, లోపల ఏం పోశారు అన్నవి అడిగితే పనివారు దాచకుండా చెబుతారు. మధ్య దళారికి ఈ సంగతులు తెలియకపోవచ్చు.

కాగితం గొట్టంతో కొలత

బొమ్మ గొంతుకు అడ్డం పడుతుందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ప్రయోగశాలల్లో 3 సెంటీమీటర్లకు కాస్త పైగా వెడల్పు ఉన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టే వస్తువేదైనా మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడవచ్చునని లెక్క. అలాంటి గొట్టమే ఇంట్లో చేసుకోవాలంటే, ఒక అట్ట కాగితాన్ని 11 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉండేలా కత్తిరించాలి. పొడవులో 10 సెంటీమీటర్ల దగ్గర గీత గీయాలి. కాగితాన్ని గుండ్రంగా చుట్టి, రెండో అంచు ఆ గీత మీదికి వచ్చేలా అతికించాలి. అంతే, గొట్టం తయారైంది.

ఇప్పుడు ఆరు నెలల బిడ్డ ఆడుకునే చాప మీదా, చుట్టుపక్కలా దొరికే వస్తువులన్నీ ఒక చేటలో పోసి ఒక్కొక్కటీ ఆ గొట్టంలో వేసి చూడాలి. చింతపిక్క, రేగుపండు, వక్క, పెన్ను మూత, సీసా మూత, అయిదు రూపాయల బిళ్ల, నల్లపూసలు, మొలతాడు మువ్వ, అన్నీ అందులో దూరిపోతాయి. అంటే అవన్నీ ఆ చాప దరిదాపుల్లో ఉండకూడనివే. నల్లపూసలూ మువ్వలూ దిష్టికోసం కట్టేవి కనుక తీయడానికి పెద్దలకు మనసు ఒప్పదు. ఒప్పకపోతే కనీసం దారం చివికిందా, మువ్వ వదులైందా అని స్నానం పోసినప్పుడల్లా లాగి చూడాలి. మెడలో మాత్రం ఏ తాడూ ఉండకూడదు. కొరికే రింగును తాడుకు కట్టి మెడలో వేయడం అన్నిటికంటే ప్రమాదం. నిద్రలో అదే ఉరి కావచ్చు.

గిలక్కాయకు ఇంకొక పరీక్ష కూడా ఉంది. ఒక అట్టకు 5 సెంటీమీటర్ల పొడవు, 3.5 సెంటీమీటర్ల వెడల్పుతో కోడిగుడ్డు ఆకారంలో రంధ్రం చేయాలి. బొమ్మను ఏ వైపు నుంచి దించినా ఆ రంధ్రంలో నుంచి 3 సెంటీమీటర్లకు మించి కిందికి దిగకూడదు. దిగితే అది బిడ్డ అంగిలి దాటి గొంతులోకి పొడుచుకోగలదన్న మాట.

ఉదాహరణకు ఒక లక్క గిలక్కాయ 12 సెంటీమీటర్ల పొడవు ఉన్నదనుకుందాం. పైన గుండు 4.5 సెంటీమీటర్లు, పిడి లావు ఒకటిన్నర సెంటీమీటర్లు. గుండు వైపు రంధ్రంలో పట్టదు కనుక భయం లేదు. బొమ్మను తిప్పి పిడి వైపు దించితే మాత్రం గుండు దాకా సర్రున దిగిపోతుంది. బిడ్డ కొరికేది ఎక్కువగా ఆ పిడినే. కూర్చున్నదల్లా నోట్లో పిడితో ముందుకు తూలితే అది గొంతులో గుచ్చుకుంటుంది. కాబట్టి ఈ గిలక్కాయను తల్లి చేత్తో ఆడించడానికే వాడాలి, బిడ్డ చేతికి ఇచ్చి వదలకూడదు.

అదే కర్రతో చేసిన రింగు 7 సెంటీమీటర్ల వెడల్పు, వేలెడు లావు ఉన్నదనుకుంటే, దాన్ని నిలువుగా పెట్టినా ఆ రంధ్రంలో ఒక సెంటీమీటరుకు మించి దిగదు. పట్టుకోవడానికి బిడ్డ పిడికిలికి సరిగ్గా సరిపోతుంది. అతుకు లేదు, లోపల పోసిన గింజలు లేవు, ఊడే పూస లేదు. కర్ర బొమ్మల్లో పళ్లొచ్చే పాపకు తగినది ఈ ఒంటి రింగే.

కర్ర నునుపు చూడటానికి దూది చాలు. చిన్న దూది ఉండతో రింగంతా రుద్దాలి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ పేడు లేచి ఉన్నట్టు. ఆ రింగును వెనక్కి ఇచ్చేయాలి.

కర్రా? సిలికానా? గుడ్డా?

కర్ర రింగుకు ఉన్న పెద్ద లోటు, దాన్ని ఉడకబెట్టి శుభ్రం చేయలేకపోవడం. నీళ్లలో ఉడికితే కర్ర పగులుతుంది. లక్క డెబ్బై, ఎనభై డిగ్రీల వేడికే మెత్తబడి జిగురెక్కుతుంది. కాబట్టి కాచి ఆర్చిన నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, నీడన ఆరనివ్వాలి. వంట సోడా, చేతులకు రాసుకునే శానిటైజరు లక్కను కరిగిస్తాయి గనుక వాటిని తగలనివ్వకూడదు. లక్క తెల్లబారినా, గోరు తగిలితే పెచ్చు లేచినా ఆ బొమ్మ పని అయిపోయినట్టే. అంకుడు మెత్తని కర్ర. పళ్లు నాలుగు వచ్చేసరికి దానిమీద గాట్లు పడతాయి. గాటు పడిన రోజే దాన్ని తీసేయాలి.

సిలికాన్ రింగుకు ఆ ఇబ్బంది లేదు. ఆహార పదార్థాలకు పనికివచ్చే రకం సిలికాన్‌తో ఒకే ముక్కగా పోసిన రింగును నీళ్లలో అయిదు నిమిషాలు ఉడకబెట్టినా ఏమీ కాదు. మెత్తగా ఉండి చిగుళ్లను గాయపరచదు. కొనే ముందు రెండు చేతులతో గట్టిగా లాగి, మెలితిప్పి చూడాలి. అతుకులు, విడి పూసలు, దారానికి గుచ్చినవి ఉంటే వద్దనాలి. పంటిగాటు పడిన చోటు నుంచి సిలికాన్ చిన్న ముక్కగా తెగి వస్తుంది. కనుక దీన్ని కూడా రోజూ చూసుకుంటూ ఉండాలి. రబ్బరు బొమ్మ కూడా మంచిదే గానీ, నొక్కితే కూతపెట్టే రకానికి అడుగున రంధ్రం ఉంటుంది. చొంగ, స్నానం నీళ్లు లోపలికి పోయి బూజు పడుతుంది. రంధ్రం లేని గట్టి రబ్బరుదైతేనే తీసుకోవాలి.

మెత్తని ప్లాస్టిక్ బొమ్మలు కొన్ని ఘాటైన వాసన వేస్తాయి. ప్లాస్టిక్‌ను మెత్తగా చేయడానికి కలిపే థాలేట్లు అనే రసాయనాలు చొంగకు కరిగి నోట్లోకి వస్తాయి. ముద్ర ఉన్న బొమ్మల్లో వీటికి హద్దు పెట్టారు. ముద్ర లేనివాటికి హద్దంటూ లేదు. లోపల నీళ్లు నింపిన రింగు కూడా మంచిది కాదు. పన్ను దిగితే ఆ నీళ్లు బిడ్డ కడుపులోకే పోతాయి. దాన్ని మంచులా గడ్డకట్టించి ఇస్తే చిగుళ్లు, పెదవులు చిల్లులు పడ్డట్టు మండుతాయి.

వీటన్నిటికంటే చవకైనది, ఏ ఇంట్లోనైనా దొరికేది తెల్లని నూలు గుడ్డ. పాత పంచె నుంచి జానెడు ముక్క చించి, అంచులు మడిచి కుట్టి, ఒక మూల గట్టిగా ముడి వేయాలి. ఉడకబెట్టి ఆరబెట్టాలి. వాడేటప్పుడు కాచిన నీళ్లలో తడిపి పిండి, శుభ్రమైన గిన్నెలో వేసి మూత పెట్టి, ఆ గిన్నెను కుండ మీదనో, ఫ్రిజ్‌లోనో కాసేపు ఉంచితే చల్లబడుతుంది. తల్లి కళ్లెదుట బిడ్డ ఆ ముడిని నములుతుంది. పోగులు వదిలితే గుడ్డ మార్చాలి. ఒకసారి వాడినది మళ్లీ ఉడకబెట్టిన తరువాతే ఇవ్వాలి. అలాంటి గుడ్డలు మూడు ఉంటే రోజు గడిచిపోతుంది.

తువ్వాలు, కొంగు, వసకొమ్ము

పల్లెల్లో బిడ్డ నోట్లోకి పోయే వస్తువుల్లో బొమ్మ కాని వాటి సంగతే ఎక్కువగా చూసుకోవాలి. పొలంలో పురుగుమందు కొట్టి వచ్చిన తండ్రి తలకు చుట్టిన తువ్వాలు తీయకుండా బిడ్డను ఎత్తుకుంటే, బిడ్డ మొదట నమిలేది ఆ తువ్వాలునే. మందు తుంపర బట్టలో ఇంకి ఉంటుంది. ఎండితే వాసన తగ్గవచ్చు, మందు పోదు. మందు కొట్టిన రోజున స్నానం చేసి, బట్టలు మార్చిన తరువాతే బిడ్డను తాకాలి. ఆ బట్టలను బిడ్డ బట్టలతో కలిపి ఉతకకూడదు. కలుపు తీసి వచ్చిన తల్లి కొంగుకూ ఇదే వర్తిస్తుంది.

తాళం చెవుల గుత్తి మరొకటి. ఏడుపు ఆపడానికి ఇంట్లో చేతికి ఇచ్చేది అదే. ఇత్తడి తాళంచెవుల్లో సీసం కలిసి ఉంటుంది. మెరుపు కోసం బిడ్డ ఇష్టపడే రాగి, ఇత్తడి వస్తువులు కూడా కొరకడానికి పనికిరావు. షాంపూ ప్యాకెట్టు, పాలిథీన్ కవరు, పగిలిన బుడగ ముక్క గొంతుకు అతుక్కుని ఊపిరి ఆపేస్తాయి. పాటలు పాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు గొట్టం కాలిపోతుంది. మింగిందేమోనన్న అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

మాటలు బాగా వస్తాయని వస అరగదీసి నాకించడం, కొన్నిచోట్ల వసకొమ్ము ముక్కలను దారానికి గుచ్చి చేతికి కట్టడం ఉంది. బిడ్డ దాన్ని రోజంతా చీకుతుంది. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. ఆ కారణం చేతనే అమెరికాలో 1968లో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. పైగా ఆ ముక్క కాగితం గొట్టంలో సులువుగా పడుతుంది. చిగుళ్లకు తేనె రాయడం కూడా వద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె వల్ల కండరాలు పట్టు తప్పే జబ్బు రావచ్చు. మందుల షాపులో ఇచ్చే తిమ్మిరి జెల్లును డాక్టరు రాస్తే తప్ప పూయరాదు. పచ్చి క్యారెట్టు, చెరకు ముక్క, యాపిలు ముక్క కొరకడానికి ఇస్తే, కొత్తగా వచ్చిన పంటితో బిడ్డ ముక్క కొరకగలదు, నమలలేదు. అది నేరుగా గొంతుకు అడ్డం పడుతుంది.

గొంతుకు అడ్డం పడితే

బిడ్డ గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే గాలి ఆడుతున్నట్టే. దగ్గనివ్వాలి. దగ్గు రాక, గొంతు పెగలక, ముఖం నల్లబడుతుంటే వెంటనే రంగంలోకి దిగాలి. బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఒంటికంటే కిందికి ఉండేలా, దవడను చేత్తో పట్టుకోవాలి. రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు గట్టిగా చరచాలి. వస్తువు రాకపోతే బిడ్డను వెల్లకిలా తిప్పి, ఛాతీ ఎముక మీద, రెండు చనుమొనల గీతకు కాస్త దిగువన, అరచేతి మడమతో అయిదుసార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా, లేదా బిడ్డ ఏడ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఒకరు ఈ పని చేస్తుంటే మరొకరు 108కి ఫోను చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే 108 వారు ఫోనులో చెప్పినట్టు చేయాలి.

నోట్లో వస్తువు కంటికి కనిపిస్తేనే వేలితో తీయాలి. కనబడకుండా వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపడం, నీళ్లు తాగించడం, అన్నం ముద్ద మింగించడం చేయకూడదు.

పళ్లొచ్చేటప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు జ్వరం చేరినా, నీళ్ల విరేచనాలు పట్టుకున్నా అది పళ్ల వల్ల అని ఊరుకోకూడదు. ఈ వయసులో విరేచనాలకు తరచుగా కారణం కింద పడిన బొమ్మను కడగకుండా మళ్లీ నోట్లో పెట్టుకోవడమే. తల్లిపాలు ఆపకుండా, ఓ.ఆర్.ఎస్. పడుతూ, అదే రోజు ఏ.ఎన్.ఎం.కు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని చూపించాలి.